స్తంభంపై ఉన్నది ఏ కెమెరా? ఫొటో చూసి గుర్తించడమిలా..

రుద్రంగి: పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం వచ్చినప్పటి నుంచి గ్రామస్థులు, వ్యాపారులు విరాళాలు పోగుచేసి కూడళ్లలో నిఘా కెమెరాలు ఏర్పాటు చేసుకోవడం పరిపాటి అయింది. అయితే కొటేషన్‌లో రాసిన రకమే స్తంభంపై ఉన్నదా అని పరిశీలించేవారు అరుదు. ఇందుకు నిచ్చెన ఎక్కనవసరం లేదు. సెల్‌ఫోన్‌తో కింది నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీసి, పెద్దవి చేసి చూస్తే చాలు. ఆకాశం వెనుకగా ఉంటే కెమెరా నల్లటి ముద్దగా కనిపిస్తుంది కనుక ఎండ వీపున పడే వైపు నిలబడి తీయాలి.

అన్నింటిలోకీ సులభంగా పట్టుబడేది బుల్లెట్ కెమెరా. పొడవైన గొట్టంలా ఉంటుంది. వాన, ఎండ తగలకుండా ముందుకు చొచ్చుకు వచ్చిన చూరు ఉంటుంది. వెనుక చిన్న చేయి గోడకో, స్తంభానికో బిగించి ఉంటుంది. గొట్టం ఎటు చూస్తే కెమెరా చూపు అటే. ఆ చేతికి ఉన్న మరలు వదులు చేసి తిప్పితే తప్ప కెమెరా తనంతట తాను కదలదు.

డోమ్ కెమెరా బోర్లించిన గిన్నెను తలపిస్తుంది. పైకప్పుకు అంటుకుని ఉండే ఈ గిన్నె పారదర్శకంగానో, పొగరంగులోనో ఉంటుంది. కటకం లోపల ఉండటంతో ఎటు చూస్తున్నదో దూరం నుంచి తెలియదు. దుకాణాలు, బ్యాంకుల లోపల దీనిని వాడటానికి ఒక కారణం అదే. ఆరుబయట గిన్నెపై దుమ్ము పేరుకుంటే రాత్రి పరారుణ వెలుతురు దానిపైనే పడి తిరిగివచ్చి దృశ్యం పాలు పోసినట్లు తెల్లబారుతుంది. గిన్నె లేకుండా, గూటిలో అమర్చిన కనుగుడ్డులా కటకం బయటికి కనిపిస్తే అది టరెట్ రకం. మన ప్రాంతంలో అమర్చేవారు దీనినీ డోమ్ అనే పిలుస్తారు. ఆ పిలుపు వల్లనే బిల్లుల్లో తికమక మొదలవుతుంది.

అసలు చిక్కు పీటీజెడ్‌తోనే. పక్కలకు, పైకి కిందికి తిరుగుతూ, దూరపు దృశ్యాన్ని దగ్గరకు తెచ్చే ఈ కెమెరా ధర బుల్లెట్ కన్నా అనేక రెట్లు అధికం. దీని ఆకారమూ గుండ్రమే కావడంతో డోమ్‌గా, డోమ్‌ను పీటీజెడ్‌గా పొరబడతారు. గుర్తించేందుకు మూడు ఆనవాళ్లు చూడాలి. ఇది సాధారణంగా స్తంభం నుంచి ముందుకు చాచిన బలమైన చేతికి వేలాడుతుంది. పక్కనున్న బుల్లెట్ కన్నా స్పష్టంగా పెద్దది. పై భాగానికి, కింద తిరిగే గుండుకు నడుమ అడ్డంగా సన్నని సందు కనిపిస్తుంది. ఈ మూడూ ఉన్నా అనుమానం తీరకపోతే వేర్వేరు వేళల్లో రెండు ఫొటోలు తీయాలి. కటకం దిశ మారితే కదిలే కెమెరా అని తేలిపోతుంది. మారకపోతే మాత్రం పీటీజెడ్ కాదని చెప్పలేం. దానిని ఒకేచోట నిలిపి వదిలేసి ఉండవచ్చు.

కోరుట్ల-వేములవాడ దారిలోని రుద్రంగి వంటి మండల కేంద్రంలో ఒక కూడలిని ఊహించుకుందాం. కొటేషన్‌లో రెండు బుల్లెట్లు, ఒక పీటీజెడ్ అని ఉంది. ఫొటోలో రెండు గొట్టాలు చెరో దారివైపు ఉన్నాయి. మూడవది స్తంభానికి అంటుకుని, పిడికిలంత ఉండి, సందు లేకుండా కనుగుడ్డు ఆకారంలో ఉంది. అది టరెట్. డబ్బులు చెల్లించే ముందే అడగవలసిన సంగతి ఇది. రెండు యాంటెన్నాలతో గుండ్రని తల ఉన్న చిన్న వైఫై కెమెరా కనిపించినా జాగ్రత్త పడాలి. అది తిరుగుతుంది గానీ వాటిలో చాలావాటికి కటకంతో దగ్గరకు తెచ్చే శక్తి ఉండదు. దూరంలోని వాహనం నంబరు పెద్దది చేస్తే మసకబారిపోతుంది.

దొంగతనం జరిగిన రోజునా ఈ గుర్తింపు పనికొస్తుంది. ఆ దారివైపు బిగించిన బుల్లెట్ పనిచేస్తూ ఉంటే ఆ వేళ అక్కడి దృశ్యం అందులో ఉండాలి. పీటీజెడ్ ఆ సమయంలో మరోవైపు తిరిగి ఉంటే దానిలో ఏమీ దొరకదు. అందువల్ల ముందుగా బుల్లెట్ రికార్డింగును అడగడం మేలు. డిస్కు నిండితే పాత దృశ్యాలపై కొత్తవి పడతాయి కనుక ఆలస్యం చేయరాదు.

ఫొటో రకాన్ని చెబుతుందే గానీ రికార్డింగు సాగుతున్నదీ లేనిదీ చెప్పదు. రాత్రివేళ కటకం చుట్టూ మందమైన ఎర్రటి వెలుగు కనిపిస్తే కరెంటు అందుతున్నదని మాత్రమే అర్థం. కొన్ని నకిలీ కెమెరాల్లోనూ ఎర్రని దీపం మిణుకుమిణుకుమంటుంది. వెనుక తీగ లేకుండా, సౌరఫలకమూ లేకుండా ఉన్న కెమెరాను రికార్డరు తెరపై చూపమని అడగాలి.