గల్ఫ్ నుంచి వెయ్యి దిర్హాంలు.. దారిలో పోయేదెంత?

జగిత్యాల: గల్ఫ్ దేశాల నుంచి ఇంటికి డబ్బు పంపే కార్మికుడు ఎక్స్ఛేంజి కౌంటరు వద్ద సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతాడు: ‘‘ఛార్జీ ఎంత?’’ ఇంటి దగ్గర ఉన్నవారు ఫోనులో అడిగేదీ ఒకటే: ‘‘ఇయ్యాల రేటెంత?’’ ఈ రెండు ప్రశ్నలకు విడివిడిగా వచ్చే జవాబులతో పంపకానికి అయిన అసలు ఖర్చు తేలదు. రుసుము రశీదులో కనిపిస్తుంది. మారకపు రేటులో మినహాయించుకున్న మొత్తం మాత్రం ఎక్కడా రాసి ఉండదు. రెండింటినీ కలిపి నూటికి ఇంత అని ఒకే అంకెగా మార్చుకుంటేనే ఏ సంస్థ చౌకో, ఏది ఖరీదో తెలుస్తుంది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి వలస వెళ్లినవారికి పనికివచ్చే ఈ లెక్కకు పలకాబలపం చాలు.

అసలు రేటు తెలుసుకోవడం ఇలా

మొదట కావలసింది ఏ సంస్థ లాభమూ కలవని మారకపు విలువ. దీన్ని తెలుసుకోవడానికి గల్ఫ్ కరెన్సీలలో ఒక సౌలభ్యం ఉంది. యూఏఈ దిర్హాం విలువ 1997 నుంచి అమెరికా డాలరుకు 3.6725గా స్థిరంగా ఉంది. సౌదీ రియాలు 3.75, ఖతార్ రియాలు 3.64 చొప్పున డాలరుకు ముడిపడి ఉన్నాయి. అందువల్ల డాలరుకు ఎన్ని రూపాయలో తెలిస్తే ఆ అంకెను 3.6725తో భాగించి దిర్హాం అసలు విలువను రాబట్టవచ్చు. ఒమన్, బహ్రెయిన్ కరెన్సీలు కూడా డాలరుకే ముడిపడి ఉన్నాయి. కువైట్ దినారు మాత్రం 2007 నుంచి కొన్ని కరెన్సీల సముదాయంతో ముడిపడి ఉన్నందున దానికి ఈ భాగహారం పనికిరాదు.

రూపాయల్లో డాలరు ప్రామాణిక విలువను పనిదినాల్లో ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా సంస్థ మధ్యాహ్నం ప్రకటిస్తుంది. 2018 జులైకి ముందు ఈ పని రిజర్వు బ్యాంకే చేసేది. బ్యాంకు శాఖలో గోడకు అంటించిన కొనుగోలు రేటును ప్రమాణంగా తీసుకోరాదు. అందులో ఆ బ్యాంకు లాభం ముందే కలిసి ఉంటుంది.

లెక్క సులువుగా ఉండేందుకు డాలరు 88.14 రూపాయల వద్ద ఉన్న ఒక రోజును ఊహించుకుందాం. 88.14ను 3.6725తో భాగిస్తే సరిగ్గా 24 వస్తుంది. అంటే ఆ రోజు దిర్హాం అసలు విలువ రూ.24. ఈ కథనంలోని రేట్లు, రుసుములు లెక్క కోసం తీసుకున్నవే. పాఠకులు తమ రశీదులోని అంకెలను ఆ స్థానంలో పెట్టుకోవాలి.

ఒక కార్మికుడు, రెండు కౌంటర్లు

దుబాయిలో పనిచేసే మెట్‌పల్లి ప్రాంత తాపీ కార్మికుడి చేతిలో పంపేందుకు మొత్తం 1,000 దిర్హాంలు ఉన్నాయనుకుందాం. అసలు విలువ ప్రకారం అవి రూ.24,000. మొదటి కౌంటరులో రుసుము 20 దిర్హాంలు. యూఏఈలో 2018 జనవరి నుంచి అమలులో ఉన్న 5 శాతం వ్యాట్ ఆ రుసుముపై మరో దిర్హాం. మొత్తం 21. అక్కడ ఇచ్చే రేటు రూ.23.80. పక్కనే ఉన్న రెండో కౌంటరులో ‘ఛార్జీ లేదు’ అని పెద్ద అక్షరాల బోర్డు ఉంది. అక్కడి రేటు రూ.23.20.

మొదటి చోట రుసుము పోగా మిగిలిన 979 దిర్హాంలు 23.80 చొప్పున రూ.23,300 అవుతాయి. ఇంటికి చేరవలసిన రూ.24,000లో దాదాపు రూ.700 తగ్గాయి. 700ను 24,000తో భాగించి నూటితో గుణిస్తే 2.92 శాతం. రెండో చోట 1,000 దిర్హాంలూ మారతాయి, వచ్చేది రూ.23,200. తగ్గినది రూ.800, అంటే 3.33 శాతం. ఛార్జీ లేదన్న కౌంటరే వంద రూపాయలు ఎక్కువ తీసుకుంది.

రశీదు మీద అంత లెక్క చేసే తీరిక లేనివారు రెండు ముక్కలు కలిపినా దాదాపు ఇదే జవాబు వస్తుంది. వెయ్యికి 21 దిర్హాంల రుసుము అంటే 2.1 శాతం. 24 రూపాయలకు 20 పైసలు తగ్గించడమంటే 0.83 శాతం. కలిపితే 2.93.

అంత మాత్రాన మొదటి కౌంటరే ఎప్పుడూ చౌక అనుకుంటే పొరపాటు. పండుగ ఖర్చుకనో, పిల్లల ఫీజుకనో అదే కార్మికుడు 300 దిర్హాంలే పంపితే లెక్క తలకిందులవుతుంది. మొదటి చోట 21 పోగా 279 దిర్హాంలకు రూ.6,640 వస్తాయి. చేరవలసినవి రూ.7,200. నష్టం రూ.560, అంటే 7.8 శాతం. రెండో చోట రూ.6,960 వస్తాయి, నష్టం 3.33 శాతమే. రేటులోని తేడా పంపే సొమ్ముతో పాటు పెరుగుతుంది. రుసుము మాత్రం ఎంత పంపినా అంతే. ఈ రెండు కౌంటర్ల విషయంలో గీత 833 దిర్హాంల వద్ద పడుతుంది. అంతకు తక్కువ పంపేవారికి రుసుము లేని చోటు, ఎక్కువ పంపేవారికి రుసుము ఉన్న చోటు మేలు. 3,000 దిర్హాంలు పంపితే మొదటి చోట ఖర్చు 1.53 శాతానికి దిగుతుంది, రెండో చోట 3.33 దగ్గరే ఉంటుంది.

ఖర్చు ఎక్కువో తక్కువో బేరీజు వేయడానికి ఒక కొలబద్ద ఉంది. 2030 నాటికి వలస కార్మికుల సొమ్ము పంపకం ఖర్చును 3 శాతం లోపునకు తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో చేర్చారు. ఆ కొలతలోనూ రుసుము, రేటు తేడా రెండూ కలిసే ఉంటాయి.

రెండు నెలలది ఒకేసారి పంపితే?

సొమ్ము పెరిగే కొద్దీ శాతం తగ్గుతుంది కనుక రెండు నెలల జీతం కలిపి పంపడం లాభమన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఊళ్లో అప్పు లేనివారికి అది సరైనదే. వీసాకు, ఏజెంటుకు అప్పు చేసి వెళ్లినవారు మాత్రం మరో లెక్క కూడా చూసుకోవాలి. మొదటి కౌంటరులో ఒక పంపకం తగ్గితే మిగిలేది 21 దిర్హాంలు, అంటే సుమారు రూ.500. నెల ఆలస్యమైన రూ.23,300కు నూటికి రెండు రూపాయల వడ్డీ రూ.466. నెల రోజులు ఆగినందుకు చేతిలో మిగిలింది రూ.34. మూడు రూపాయల వడ్డీ అయితే రూ.699 కట్టవలసి వస్తుంది. అప్పుడు సుమారు రూ.200 నష్టమే.

బోర్డు మీది అంకెతో జాగ్రత్త

కొన్ని ఎక్స్ఛేంజీలు దిర్హాంకు ఎన్ని రూపాయలో రాయవు. వెయ్యి రూపాయలకు ఎన్ని దిర్హాంలో రాస్తాయి. అలాంటి బోర్డు మీద 42.02 అని ఉంటే 1,000ని దానితో భాగించాలి. రూ.23.80 వస్తుంది. 43.10 ఉంటే రూ.23.20. ఇక్కడ అంకె పెద్దదైతే నష్టం. కొత్తగా వెళ్లినవారు పెద్ద అంకెను చూసి మంచి రేటు అనుకోవడం కద్దు.

రేటు పెరిగిందన్న సంతోషం కూడా ఒక్కోసారి అసలు సంగతిని కప్పేస్తుంది. దిర్హాం అసలు విలువ రూ.24 నుంచి 24.10కి పెరిగిన రోజు కౌంటరు రేటు 23.80 నుంచి 23.85కు మారిందనుకుందాం. ఇంటికి సుమారు 49 రూపాయలు ఎక్కువే చేరతాయి. కానీ సంస్థ ఉంచుకునేది దిర్హాంకు 20 పైసల నుంచి 25 పైసలకు పెరిగింది. అందుకే పోల్చే రెండు రేట్లూ ఒకే రోజువి, వీలైతే ఒకే గంటవి కావాలి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది. ఆ రోజుల్లో ఫోనులో కనిపించే విలువ శుక్రవారం నాటిదే.

లెక్క ముగిసేది పాసుపుస్తకంలో

పై ఉదాహరణ సొమ్ము గల్ఫ్‌లోనే రూపాయలుగా మారి ఇక్కడి ఖాతాలో పడే పద్ధతికి వర్తిస్తుంది. ఎక్స్ఛేంజి సంస్థలు భారతీయ బ్యాంకులతో రూపీ డ్రాయింగ్ ఒప్పందాలు చేసుకుని పంపేది ఈ దారిలోనే. ఇందులో రశీదులో రాసిన రూపాయలు, ఖాతాలో జమయిన రూపాయలు సాధారణంగా ఒకటే అయి ఉండాలి. తేడా వస్తే రశీదు ప్రతితో బ్యాంకును అడగాలి.

విదేశీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా విదేశీ కరెన్సీలో పంపితే మాత్రం దారి పొడవునా కోతలుంటాయి. మధ్యవర్తి బ్యాంకు కొంత తీసుకోవచ్చు. ఇక్కడి బ్యాంకు తన కొనుగోలు రేటుతో మారుస్తుంది. ఆ మార్పిడిపై జీఎస్టీ కూడా పడుతుంది. లక్ష రూపాయల వరకు సొమ్ములో ఒక శాతాన్ని, కనీసం రూ.250ని, సేవ విలువగా లెక్కగట్టి దానిపై 18 శాతం వేస్తారు. రూ.24,000పై ఇది రూ.45. ఏ దారిన పంపినా సూత్రం మారదు: పాసుపుస్తకంలో పడిన రూపాయలను, అక్కడ చేతి నుంచి వెళ్లిన మొత్తం దిర్హాంల అసలు విలువతో పోల్చాలి. రుసుమును పంపే సొమ్ముకు అదనంగా కట్టి ఉంటే దాన్ని కూడా ‘వెళ్లిన మొత్తం’లో కలపాలి.

ఈ శాతాల లెక్కలో హుండీ చౌకగా కనిపించే మాట నిజమే. అయితే అది 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టానికి విరుద్ధం. పట్టుబడితే సొమ్ముకు మూడు రెట్ల వరకు జరిమానా విధించవచ్చు. రశీదు ఉండదు కనుక మధ్యలో సొమ్ము పోతే అడిగే దారీ లేదు.

సక్రమ మార్గంలోనూ ఖర్చు రెట్టింపయ్యే సందర్భం ఒకటుంది. బ్యాంకుల విలీనం తరువాత చాలా శాఖల ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు మారాయి. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో, 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. పాత పాసుపుస్తకం చూసి పాత కోడు రాస్తే సొమ్ము ఆగిపోవచ్చు, వెనక్కీ వెళ్లవచ్చు. వెనక్కి వెళ్లిన రూపాయలను మళ్లీ దిర్హాంలుగా మారిస్తే రేటు తేడా రెండోసారి పడుతుంది, తిరిగి పంపేటప్పుడు రుసుమూ మళ్లీ కట్టాలి. కాబట్టి ఇంటివారు ప్రస్తుత పాసుపుస్తకం మొదటి పేజీ ఫొటో తీసి, పంపే వ్యక్తికి ముందుగానే చేరవేయాలి.