నియంత్రణ ఖాతాలు

ఋణగ్రస్తుల, ఋణదాతల వ్యక్తిగత ఖాతాలు సహాయక ఆవర్జాలలో ఉన్నప్పుడు, వాటి మొత్తాన్ని సాధారణ ఆవర్జాలో చూపేదే నియంత్రణ ఖాతా. దీని నమోదులు సహాయక చిట్టాల నెలసరి మొత్తాల నుంచే రావాలి; విడి ఖాతాలను కూడి రాస్తే తనిఖీకి అర్థం ఉండదు.

ఋణగ్రస్తుల ప్రారంభ నిల్వ రూ.40,000, అరువు అమ్మకాలు రూ.1,60,000, వసూళ్లు రూ.1,30,000, వాపసులు రూ.5,000 అయితే ముగింపు నిల్వ రూ.65,000. విడి ఖాతాల నిల్వల జాబితా మాత్రం రూ.64,100 చూపిందనుకుందాం. తేడా రూ.900 తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక ముందు అంకెల తారుమారును వెతకాలి: రూ.5,400 బిల్లు ఒకరి ఖాతాలో రూ.4,500గా పడి ఉండవచ్చు. ఋణదాతల ఖాతాలో డెబిట్, క్రెడిట్ వైపులు మారతాయి, పద్ధతి అదే.

ఒకరి బిల్లు మరొకరి ఖాతాకు ఎక్కినా, అసలు చిట్టాలోనే రాయకపోయినా రెండు మొత్తాలూ కలుస్తాయి. అలాంటి తప్పులను ఈ ఖాతా పట్టలేదు.