మధుమేహం - ఇంటి భోజనం లెక్కించే యాప్‌లు

మధుమేహం ఉన్నవారు తాము తినే ఆహారంలోని కేలరీలను, పిండిపదార్థాలను నమోదు చేసుకోవడానికి మొబైల్ ఫోనులో వాడే అనువర్తనాలను ఆహార లెక్కింపు యాప్‌లు అంటారు. 2005లో అమెరికాలో మొదలైన మైఫిట్‌నెస్‌పాల్, 2012లో బెంగళూరులో మొదలైన హెల్తిఫైమీ వీటిలో పేరు పొందినవి. పొట్లాలలో అమ్మే ఆహారానికి పోషక విలువలు పొట్లం మీదనే ముద్రించి ఉంటాయి కనుక వాటి లెక్క సులభం. ఇంట్లో వండిన అన్నానికి, పప్పుకు, పులుసుకు అటువంటి చీటీ ఉండదు. కాబట్టి గోదావరి డెల్టాలో వలె రెండు పూటలా ఇంటి భోజనమే చేసేవారికి యాప్‌లో కనిపించే అంకె, ఆ వంటను ఎలా తూచి నమోదు చేశారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

## నేపథ్యం

గోదావరి డెల్టాలో వరి ప్రధానమైన పంట, అన్నం ప్రధానమైన ఆహారం. విస్తృతంగా సాగైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి వంగడం పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు పరిశోధనా స్థానంలో రూపొంది 1982లో విడుదలయ్యింది. ఈ ప్రాంతంలో మధుమేహం పట్టణాలకు పరిమితమైన వ్యాధి కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 20 గ్రామాలలో 2005లో జరిపిన ఒక సర్వేలో, 30 సంవత్సరాలు దాటిన వారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది.

భోజనం చేసిన తరువాత రక్తంలో చక్కెరను ప్రధానంగా పెంచేవి పిండిపదార్థాలు. అందువలన మధుమేహం ఉన్నవారు కేలరీల మొత్తంతో పాటు, ఒక్కొక్క పూటకు ఎన్ని గ్రాముల పిండిపదార్థం తిన్నారన్నది కూడా చూసుకోవలసి ఉంటుంది. నూనె ఈ తేడాకు మంచి ఉదాహరణ. కూరలో వేసిన ఒక పెద్ద చెంచా నూనెను నమోదు చేయడం మరచిపోతే కేలరీల లెక్కలో సుమారు 120 తగ్గుతాయి గాని, పిండిపదార్థాల లెక్క మారదు. అన్నం లెక్క తప్పితే రెండూ తప్పుతాయి.

## పోషక విలువలకు ఆధారం

భారతీయ ఆహార పదార్థాలకు ప్రామాణికమైన పట్టికలను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురిస్తుంది. 2017లో వెలువడిన పట్టికలలో 528 ఆహార పదార్థాల వివరాలు ఉన్నాయి. వాటి ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 78 గ్రాములు, కందిపప్పులో సుమారు 55 గ్రాములు, బెల్లంలో సుమారు 85 గ్రాములు పిండిపదార్థాలు ఉంటాయి. దంపుడు బియ్యంలో ఇది సుమారు 75 గ్రాములు. అంటే బియ్యం రకం మార్చినంత మాత్రాన యాప్‌లోని అంకె పెద్దగా మారదు.

ఈ పట్టికలలో పీచు పదార్థాన్ని పిండిపదార్థంలో కలపరు, విడిగా చూపిస్తారు. అమెరికా పట్టికలలోని మొత్తం పిండిపదార్థాల అంకెలో పీచు కూడా కలిసి ఉంటుంది. కందిపప్పులో పీచు సుమారు 9 గ్రాములు కాబట్టి, అదే పప్పుకు ఒక చోట 55 అని, మరొక చోట 64 అని కనిపించవచ్చు. రెండూ సరైనవే, లెక్కించే పద్ధతి వేరు. ఎవరైనా ఏదో ఒక పద్ధతినే ఎంచుకుని దానినే అనుసరించాలి.

## బియ్యమా, అన్నమా

యాప్‌లలో జరిగే పొరపాట్లలో అతి పెద్దది ఇదే. బియ్యం ఉడికేటప్పుడు నీటిని పీల్చుకుని రెండున్నర నుండి మూడున్నర రెట్ల బరువు అవుతుంది. పిండిపదార్థం మాత్రం పెరగదు. పళ్ళెంలోని 200 గ్రాముల అన్నాన్ని యాప్‌లో పొరపాటున "బియ్యం" అన్న వరుస కింద నమోదు చేస్తే 156 గ్రాముల పిండిపదార్థం అని చూపిస్తుంది. నిజానికి అందులో ఉన్నది సుమారు 52 గ్రాములు. ఇన్సులిన్ మోతాదును పిండిపదార్థాలను బట్టి నిర్ణయించుకునేవారికి మూడు రెట్ల ఈ తేడా ప్రమాదకరం.

యాప్‌లోని వరుస బియ్యానిదా, అన్నానిదా అని తెలుసుకోవడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు చూపిస్తే అది పచ్చి బియ్యం. 110 నుండి 130 కేలరీలు చూపిస్తే అది వండిన అన్నం. పప్పుకు కూడా ఇదే గుర్తు వర్తిస్తుంది. 100 గ్రాములకు 300 పైగా కేలరీలు ఉంటే అది ఉడకని పప్పు.

"కప్పు" అన్న కొలత రెండవ చిక్కు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కరుతో పాటు ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లే, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఇంట్లో వాడే గ్లాసు, సోల, గిద్ద ఈ రెండింటితోనూ సరిపోవు. కాబట్టి యాప్‌లో కప్పులను వదిలి గ్రాములను ఎంచుకోవాలి. ఇందుకు వంటింటి డిజిటల్ తూకం అవసరం.

## లెక్కించే విధానం

ఇంటి వంటకు సరైన లెక్క పళ్ళెం దగ్గర కాక పొయ్యి దగ్గర మొదలవుతుంది. ముందుగా ఖాళీ గిన్నెను తూచి ఆ బరువును ఒక కాగితం మీద రాసుకోవాలి. వండే ముందు పచ్చి సరుకుల బరువు, వండిన తరువాత గిన్నెతో సహా బరువు చూడాలి. రెండవ దాని నుండి ఖాళీ గిన్నె బరువు తీసివేస్తే వంటకం బరువు వస్తుంది. పచ్చి సరుకులలోని మొత్తం పిండిపదార్థాన్ని వంటకం బరువుతో భాగించి 100తో గుణిస్తే, 100 గ్రాముల వంటకంలో ఎంత ఉందో తెలుస్తుంది. దీనిని యాప్‌లో సొంత వంటకంగా ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. వంటకాన్ని ఎన్ని వంతులుగా లెక్కించాలని యాప్ అడిగినపుడు, మొత్తం బరువును 100తో భాగించి ఆ అంకెను ఇవ్వాలి. వంటకం 1,200 గ్రాములైతే 12 వంతులు, ఒక్కొక్క వంతు 100 గ్రాములు.

### ఒక ఉదాహరణ

నలుగురున్న ఒక ఇంట్లో మధ్యాహ్న భోజనానికి అన్నం, ముద్దపప్పు, ఆనపకాయ ముక్కల పులుసు, పెరుగు అనుకుందాం.

అత్తెసరు పెట్టిన 400 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 313 గ్రాములు. ఉడికిన తరువాత అన్నం 1,200 గ్రాములు తూగితే, 100 గ్రాముల అన్నంలో 26 గ్రాములు ఉన్నట్లు. అదే బియ్యాన్ని మరికొంత నీటితో మెత్తగా వండితే 1,400 గ్రాములు తూగి, 100 గ్రాములకు 22 గ్రాములే వస్తుంది. కనుక ఒక ఇంటి అంకె మరొక ఇంటికి పనికిరాదు. గంజి వార్చే ఇళ్ళలో కొంత పిండి గంజితో పోతుంది. అక్కడ ఈ లెక్క అసలు కంటే కొద్దిగా ఎక్కువ చూపిస్తుంది.

కందిపప్పు 150 గ్రాములలో పిండిపదార్థం సుమారు 83 గ్రాములు. ముద్దపప్పు 600 గ్రాములు అయితే 100 గ్రాములకు దాదాపు 14 గ్రాములు. 60 గ్రాములు పట్టే గరిటెడు పప్పుకు 8 గ్రాములు వస్తుంది.

గోదావరి జిల్లాల పులుసులో బెల్లం వేయడం వాడుక. యాప్‌లో "సాంబారు" అన్న వరుసను ఎంచుకుంటే ఈ బెల్లం లెక్కలోకి రాకపోవచ్చు. కిలో పులుసులో 40 గ్రాముల బెల్లం వేస్తే దాని నుండే 34 గ్రాములు చేరుతాయి. చింతపండు, ముక్కలు, చిక్కదనానికి కలిపిన బియ్యప్పిండి కూడా చేర్చితే 150 గ్రాముల పులుసుకు సుమారు 10 గ్రాములు అవుతుంది.

| పదార్థం | తిన్న బరువు (గ్రా.) | పిండిపదార్థం (గ్రా.) |
|---|---|---|
| అన్నం | 200 | 52 |
| ముద్దపప్పు | 60 | 8 |
| ఆనపకాయ పులుసు | 150 | 10 |
| పెరుగు | 100 | 4 |
| మొత్తం | | 74 |

## మారు వడ్డన

పై లెక్క సరిగా ఉన్నా భోజనం నమోదు తప్పవచ్చు. ఈ ప్రాంతంలో అన్నాన్ని ఒకేసారి వడ్డించుకోరు. మొదట పప్పుతో, తరువాత పులుసుతో, చివరకు పెరుగుతో మూడు మార్లు వడ్డించుకుంటారు. మొదటి వడ్డనను తూచి, పెరుగన్నానికి వేసుకున్న మారు అన్నాన్ని మరచిపోవడం సాధారణం. ఆ మారు 100 గ్రాములే అయినా పై మొత్తం 74 నుండి 100కు చేరుతుంది.

దీనికి పరిష్కారం తూకం క్రమాన్ని మార్చడమే. భోజనానికి ముందే తమ వంతు అన్నాన్ని వేరొక గిన్నెలోకి తూచి తీసుకుని, మూడు మార్లూ ఆ గిన్నెలో నుండే వడ్డించుకోవాలి. మిగిలితే మిగిలినదానిని తూచి తీసివేయాలి. ఈ విధంగా పళ్ళెం ముందు ఫోను పట్టుకోవలసిన అవసరం కూడా ఉండదు.

## పరిమితులు, జాగ్రత్తలు

పిండిపదార్థం ఎంత తిన్నారో యాప్ చెప్పగలదు గాని, దానివలన రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పలేదు. బియ్యం రకం, ఉడికిన తీరు, వెంట తిన్న పప్పు, కూరలు, భోజనం తరువాత నడక వంటివి దీనిని మారుస్తాయి. అందువలన భోజనం మొదలు పెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసి, ఆ అంకెను యాప్‌లోని ఆ పూట లెక్క పక్కన రాసుకుంటారు. నమోదు చేసిన పిండిపదార్థం దాదాపు సమానంగా ఉన్న రోజులలో చక్కెర ఒకనాడు బాగా ఎక్కువగా వస్తే, మొదట వెతకవలసినవి మారు వడ్డన, పులుసులోని బెల్లం, మధ్యలో తాగిన కాఫీలోని చక్కెర.

చాలా యాప్‌లు బరువు తగ్గడానికి ఒక రోజువారీ కేలరీల పరిమితిని సూచిస్తాయి. వాడే మందులను లెక్కలోకి తీసుకోకుండా ఇచ్చిన ఆ సూచనను పాటించి అన్నాన్ని ఒక్కసారిగా తగ్గించడం మంచిది కాదు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కార్తీక సోమవారం నాడు పగలంతా ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకునేవారికి కూడా ఇదే ప్రమాదం. ఆ రోజు యాప్‌లో అంకెలు చక్కగా తక్కువగా కనిపిస్తాయి గాని, అది మంచికి గుర్తు కాదు. వణుకు, చెమటలు, తడబాటు కలిగి చక్కెర 70 మి.గ్రా. కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెరను నీటిలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పినవారి నోటిలో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆహారాన్ని తగ్గించే ముందు, ఉపవాసానికి ముందు మందుల మోతాదును వైద్యునితో మాట్లాడి మార్చుకోవాలి.

ప్రతి రోజూ ప్రతి వంటనూ తూచవలసిన అవసరం ఉండదు. ఒక ఇంట్లో అదే గిన్నె, అదే బియ్యం, అదే ఎసరు ఉన్నంత కాలం 100 గ్రాముల అన్నానికి వచ్చే అంకె పెద్దగా మారదు. రెండు మూడు వారాలు తూచి ఇరవై వంటకాలను యాప్‌లో దాచుకుంటే, తరువాత తినే వంతును మాత్రమే తూచి నమోదు చేస్తే సరిపోతుంది. కొత్త బియ్యం బస్తా తెరిచినపుడు మాత్రం అన్నాన్ని మరొకసారి తూచి చూడాలి. పాత బియ్యం కొత్త బియ్యం కంటే ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది కనుక ఆ అంకె మారుతుంది.