అంకె వెనక అక్షరం: చీమకుర్తి వ్యాపార సందేశాల్లో తేదీ, వేళ, రూపాయి

సారాంశం

తెలుగు పొట్టి సందేశంలో అంకె తేదీనా, గడియారం వేళా, సొమ్మా అన్నది చాలాసార్లు దాని వెనక వచ్చే ఒకటి రెండు అక్షరాలే చెబుతాయి. సందేశం ఇంగ్లీషులోకి మారినప్పుడు ముందుగా రాలిపోయేవి ఆ అక్షరాలే. చీమకుర్తి గ్రానైట్ వ్యాపారంలో వచ్చే తరహా సందేశం ఒకదాన్ని తీసుకుని, నష్టం ఎక్కడ జరుగుతుందో, దాన్ని ఎలా పూడ్చుకోవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సందేశమూ, అందులోని అంకెలూ పరిశీలన కోసం కూర్చినవి.

1. ఉపోద్ఘాతం

ఒంగోలుకు పడమరగా ఉన్న చీమకుర్తి, పక్కనున్న రామతీర్థం క్వారీల్లో దొరికే నల్లరాయిని ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ పేరుతో కొంటుంది. నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు మెరవడం దాని గుర్తు. చైనాలోని షియామెన్, ఇటలీలోని వెరోనా దాని పెద్ద బజార్లు. బ్లాకుకు డాలర్లలో బిల్లు వేసినా, క్వారీ దగ్గర ఇచ్చే అడ్వాన్సు, లారీ కిరాయి, కూలీ రూపాయల్లోనే నడుస్తాయి. అందువల్ల ఇక్కడి లెక్క తరచూ విదేశీ భాగస్వామి ఫోన్‌లోకి కూడా వెళ్తుంది.

క్వారీ మేస్త్రి నుంచి బ్రోకరుకు ఇలా ఒక సందేశం వచ్చిందనుకుందాం: "అన్నా 5కి లోడింగ్. 2 బండ్లు. 6 లోపు 12.5 పంపు." బ్రోకరుకు ఇందులో అనుమానం ఏమీ లేదు. పొద్దున ఫోన్‌లో మాట్లాడుకున్నారు కాబట్టి 5 అంటే ఐదో తారీకు, 6 అంటే మర్నాడు, 12.5 అంటే పన్నెండున్నర లక్షలు. దీన్నే ఇంగ్లీషులో పెట్టి షియామెన్‌కు పంపితే అక్కడివారికి నాలుగు అంకెలు కనిపిస్తాయి. వాటిలో బండ్ల సంఖ్య ఒక్కటే అర్థమవుతుంది.

2. "న", "కి", "లోపు"

తెలుగులో తేదీకి సొంతమైన విభక్తి ఉంది. "5న" అంటే రోజే. సప్తమీ విభక్తి "న" అంకెకు తగిలితే పాఠకుడు దాన్ని గడియారం వేళగానో ధరగానో చదవడు. పత్రికలు "ఈ నెల 5న" అని రాసి ఊరుకోగలగడం ఈ ఒక్క అక్షరం బలం మీదే. "కి" అలా కాదు. "5కి వస్తా" అంటే ఐదు గంటలకు. "5కి జీతం పడుద్ది" అంటే ఐదో తారీకుకు. "5కి తెగింది" అంటే బేరం ఐదు లక్షలకు కుదిరింది. అర్థం తేల్చేది అంకె కాదు, క్రియ. పై నమూనాలో "లోడింగ్" తర్వాత క్రియ లేదు కాబట్టి ఆ ఆసరా కూడా పోయింది.

"లోపు", "లోగా" విషయంలో ఇంకో చిక్కుంది. "6 లోపు" అన్నప్పుడు ఆరో తేదీ గడువులో కలుస్తుందా? డబ్బు ఇవ్వాల్సినవాడు కలుస్తుందంటాడు, రావాల్సినవాడు కలవదంటాడు. ప్రకటనల్లో "6వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా" అని రాయడం వల్ల ఈ వాదన పుట్టదు. గడువుకు రోజుతో పాటు గంట కూడా ఉంటే "లోపు" మాటకు రెండో అర్థం మిగలదు.

"రేపు" మాట వాయిస్ కాల్‌లో బాగుంటుంది. ముందుకు పంపే సందేశంలో మాత్రం ప్రమాదం. ఒకరి "రేపు 10కి" మర్నాడు ఇంకొకరి గ్రూపులోకి చేరితే రోజు జరిగిపోతుంది. అక్కడ కనిపించేది ముందుకు పంపిన వేళే, మొదట రాసిన వేళ కాదు.

3. వరుస సంఖ్య: తెలుగు "వ", ఇంగ్లీషు తోకలు

తెలుగు వరుస సంఖ్యకు రాతలో ఒకటే గుర్తు చాలు: 2వ, 3వ, 11వ, 22వ. రాసేది "వ" అయినా చదివేటప్పుడు చాలామంది నోట "రెండో", "మూడో" అనే వస్తుంది. ఒకటి దగ్గర మాత్రం తేడా ఉంది. "1వ బహుమతి" అని రాసినదాన్ని "మొదటి బహుమతి" అని చదువుతాం. "1వ తేదీ" అయితే "ఒకటో తేదీ" అంటాం, "మొదటి తేదీ" అనం. రాతలో ఒకటే రూపం, చదువులో రెండు. తెలుగువాడికి ఇది తెలియకుండానే వచ్చేస్తుంది.

అన్నిటికీ ఒకే "వ" తగిలించే చెయ్యి ఇంగ్లీషులో కూడా ఒకే తోక వెతుక్కుంటుంది. `2th`, `3th`, `22th` వంటి రాతలు అలా పుడతాయి. ఇంగ్లీషులో 1, 2, 3తో ముగిసే సంఖ్యలకు `st`, `nd`, `rd` తోకలు. మళ్లీ 11, 12, 13 వాటికి మినహాయింపు: అక్కడ `th`. ఈ నియమాలు బట్టీ పట్టడం కంటే తేదీలో తోకనే వదిలేయడం మేలు. `22 June` అని రాస్తే తప్పుకు చోటు లేదు, అర్థానికి లోటు లేదు. తెలుగులో "వ" తీసేసి "22 తేదీ" అంటే వెలితిగా ఉంటుంది. ఇంగ్లీషులో నెల పేరు పక్కనుంటే ఆ వెలితి ఉండదు.

నెలను పేరుతో రాయడానికి ఇంకో బలమైన కారణం ఉంది. `5/6` మనకు జూన్ 5, అమెరికావారికి మే 6. చైనాలో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. కనుక అక్కడి పాఠకుడు రెండు అంకెలే చూస్తే ముందుది నెల అనుకోవడం సహజం. 12 దాటిన తేదీలకు ఈ గొడవ లేదు, పదమూడో నెల ఉండదు కాబట్టి. ప్రతి నెలా మొదటి 12 రోజులతోనే పేచీ. 12 నెలలకు 144 తేదీలు. వాటిలో 1/1, 2/2 లాగా ఎటు చదివినా ఒకటే అయ్యేవి 12. మిగిలిన 132 తేదీలు, అంటే ఏడాదిలో మూడోవంతుకు పైగా, రెండు రకాలుగా చదవదగినవే.

4. వేళ: "తెల్లవారితే"

రాత్రి వేళలను ఎలా రాయాలో తెలుగు శుభలేఖలు ఎప్పుడో ఒక దారి కనిపెట్టాయి. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. క్యాలెండరు ప్రకారం అర్ధరాత్రి మారుతుంది. ఈ రెంటి మధ్య పడే ముహూర్తాన్ని "గురువారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని అచ్చు వేస్తారు. "తెల్లవారితే" అన్న ఒక్క మాట రెండు లెక్కలనూ కలుపుతుంది. విదేశం నుంచి టికెట్ కొనే బంధువుకు ఆ మాట అనువదించకపోతే మాత్రం ఒక రోజు ముందే దిగుతాడు. అతడి క్యాలెండరులో ఆ వేళ శుక్రవారం 02:40.

రాత్రి బయలుదేరే గ్రానైట్ లారీలకూ ఇదే వర్తిస్తుంది. "5 రాత్రి 12కి" అంటే ఐదో తేదీ మొదలయ్యే అర్ధరాత్రా, ముగిసేదా? 24 గంటల పద్ధతిలో `23:45` అనో `00:15` అనో రాసి పన్నెండును తప్పించుకోవడమే మార్గం. "5.30" విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన చుక్క గంటను, నిమిషాలను విడదీస్తుంది. లెక్కల్లో మాత్రం అదే చుక్క దశాంశం. ఐదున్నరను వేళగా 5.30, సొమ్ముగా 5.5 అని రాస్తాం. వేళకు `5:30` అని వాడితే రెండూ వేరుపడతాయి.

దూరదేశపు వేళ కూడా పక్కనే రాయాలి. షియామెన్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, ఏడాది పొడవునా అంతే. వెరోనా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం అక్కడి గడియారాలు మారతాయి. మనవి మారవు. "ఎప్పటిలాగే అదే టైముకి" అన్న మాట ఏడాదికి రెండుసార్లు గంట తప్పుతుంది.

5. లక్షను విప్పి చెప్పడం

మన లెక్కలో చివరి మూడంకెల తర్వాత రెండేసి అంకెలకు కామా పడుతుంది: 12,50,000. ఇంగ్లీషువాళ్లు మూడేసికి పెడతారు: 1,250,000. మన కామాలు చూసిన విదేశీయుడు ఒక సున్నా జారిపోయిందేమోనని అనుమానిస్తాడు. అది సహజమే. అతడి కంటికి కామాల మధ్య రెండంకెలే ఉండటం తప్పుగా తోస్తుంది. ఇటలీలో అయితే కామా, చుక్కల పనులు తారుమారు. అక్కడ వేలను చుక్క విడదీస్తుంది, దశాంశానికి కామా. `1.250` అని మనం రాసిన ఒకటింపావు వారికి పన్నెండు వందల యాభై.

దీనికి తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1948లోనే ఒక దారి చూపింది, 2003లో మళ్లీ చెప్పింది: పెద్ద సంఖ్యను మూడేసి అంకెల గుంపులుగా ఖాళీతో విడదీయాలి, ఆ ఖాళీలో చుక్కా వద్దు, కామా వద్దు. `1 250 000` ఎక్కడైనా ఒకేలా చదవబడుతుంది.

మాటగా లక్షను చెప్పాల్సి వస్తే వినేవారి లెక్కలోకి వెళ్లి చెప్పాలి. మిలియన్లలో ఆలోచించేవారికి పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు. చైనావారి లెక్క పదివేల మీద నడుస్తుంది. పదివేలను వారు "వాన్" అంటారు. వారికి లక్ష అంటే పది వాన్‌లు, పన్నెండున్నర లక్షలు 125 వాన్‌లు. షియామెన్ వర్తకుడికి మిలియన్ ద్వారా చెప్పడం అంటే రెండుసార్లు అనువదించడమే. ఇంగ్లీషు "మిలియనీర్" పేరు మీదున్న క్విజ్ కార్యక్రమం తెలుగులో "మీలో ఎవరు కోటీశ్వరుడు" అయింది. అక్కడ అనువదించింది సంఖ్యను కాదు, హోదాను. బిల్లులో ఆ స్వేచ్ఛ ఉండదు.

"12.5 L" అన్న పొట్టి రాత మనలో మనకు "లకారాలు" అన్నంత తేలిక. బయటివారికి `L` అంటే లీటరు. లక్షను తొలిసారి వాడినప్పుడు పూర్తి అంకె ముందు, "లక్ష" మాట వెనక ఉండాలి.

రూపాయి గుర్తు గురించి ఒక మాట. డి. ఉదయకుమార్ రూపొందించిన ₹ గుర్తును కేంద్రం 2010 జూలై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబరులో అది యూనికోడ్‌లో చేరింది. పాత ఎస్సెమ్మెస్ అక్షరమాలలో మాత్రం అది లేదు. ఆ అక్షరమాలలో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. దానిలో లేని గుర్తు ఒక్కటి వచ్చినా సందేశమంతా యూనికోడ్‌కు మారి 70కి కుంచించుకుపోతుంది. ముక్కలుగా వెళ్లినప్పుడు ముక్కకు 67 మాత్రమే. 150 అక్షరాల ఇంగ్లీషు సందేశంలో ₹ పెడితే ఒకటి కావలసింది మూడవుతుంది. `Rs.`, `INR` అన్న రాతలు ఎస్సెమ్మెస్‌లలో ఇంకా బతికుండటానికి ఇదొక కారణం. తెలుగు సందేశానికి ఎలాగూ 70 కొలతే కాబట్టి అక్కడ ₹ వల్ల అదనపు నష్టం లేదు. "5వ తేదీ సాయంత్రం 5 గంటలకు రండి" అన్న వాక్యం గుణింతాలు, ఖాళీలతో కలిపి 30 స్థానాలు తీసుకుంటుంది. తేదీని, వేళను విప్పి రాసినా సగం చోటు కూడా పోలేదు.

6. ముగింపు

మేస్త్రి సందేశాన్ని, ఫోన్‌లో అనుకున్న నెల, గంటలు కూడా చేర్చి ఇప్పుడు తిరిగి రాస్తే తెలుగులో ఇలా ఉంటుంది: "అన్నా, జూన్ 5న సాయంత్రం 5 గంటలకు లోడింగ్. 2 బండ్లు. 6వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా ₹12,50,000 పంపు." షియామెన్‌కు వెళ్లేది ఇది:

```
Loading: 5 June 2025, 17:00 IST (19:30 Xiamen), 2 trucks
Advance: INR 1 250 000 (12.5 lakh), by 6 June, 17:00 IST
```

తెలుగులో అంకెకు అర్థమిచ్చిన "న", "వ", "లోగా" ఇంగ్లీషులో నెల పేరుగా, గంటగా, సొమ్ము పేరుగా మారి నిలిచాయి. అంకె మారలేదు, దాని వెనక అక్షరం మారింది. పంపేముందు ప్రతి అంకె వెనకా అలాంటి అక్షరం ఏదో ఒకటి ఉందో లేదో చూసుకుంటే చాలు. అది లేని అంకెకు చదివేవాడు తన దేశపు అర్థమే వేసుకుంటాడు.