రిన్నే నెగెటివ్

చెవి డాక్టరు చీటీలో ‘రిన్నే నెగెటివ్’ అని కనిపిస్తే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. రక్తపరీక్షల అలవాటు అది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: మామూలు చెవికి వచ్చేది పాజిటివ్.

రిన్నే ఒక మనిషి పేరు. జర్మన్ వైద్యుడు హైన్రిక్ అడాల్ఫ్ రిన్నే 1855లో ఈ పరీక్షను వివరించాడు. సెకనుకు 512 సార్లు కంపించే ట్యూనింగ్ ఫోర్కును మోగించి, కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తారు. తర్వాత కొమ్ములను చెవి రంధ్రం ముందు పెట్టి, ఎక్కడ గట్టిగా వినిపించిందని అడుగుతారు. గాలి ద్వారా అయితే పాజిటివ్, ఎముక ద్వారా అయితే నెగెటివ్. నెగెటివ్ వస్తే సాధారణంగా శబ్దం దారిలో అడ్డం ఉన్నట్టు: బిగుసుకున్న గులిమి, కర్ణభేరి వెనక చేరిన నీరు వంటివి.

నరాల చెవుడులో రెండు దారులూ కలిసే తగ్గుతాయి కాబట్టి ఫలితం పాజిటివ్‌గానే ఉంటుంది.

చిక్కల్లా పూర్తిగా పోయిన చెవితోనే. కుడి చెవి అలా పోయిన మనిషికి కుడి ఎముక మీద ఫోర్కు పెడితే, కంపనం పుర్రె గుండా వెళ్లి ఎడమ చెవికి వినిపిస్తుంది. అతను ‘ఎముక దగ్గరే వినిపిస్తోంది’ అంటాడు. అది దొంగ నెగెటివ్!

అందుకే వెబర్ పరీక్ష తోడుంటుంది. ఫోర్కును నుదుటి మధ్యన ఆనిస్తే, కుడి చెవిలో అడ్డం ఉన్నవాళ్లకు మోత కుడివైపుకే లాగుతుంది. మన రోగికి మాత్రం ఎడమవైపు వినిపిస్తుంది. గుట్టు బయటపడుతుంది.

ఒక చెవి హఠాత్తుగా వినిపించడం మానేస్తే గులిమే అనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.