ఎదురెదురు దిశల నొక్కుడు

వీడియో గేముల్లో ఎడమ, కుడి మీటలు ఒకేసారి నొక్కినప్పుడు ఏ దిశ చెల్లుతుందో తేల్చే పద్ధతి. కర్ర ఉన్న ఆర్కేడ్ స్టిక్‌లో ఈ సమస్య రాదు. కర్ర ఒకసారికి ఒక వైపుకే వాలుతుంది. కీబోర్డులో, కర్ర బదులు బటన్లున్న ఫైట్ స్టిక్‌లో ప్రతి దిశకూ వేరే వేలు ఉంటుంది కాబట్టి రెండూ కలుస్తాయి.

తీర్పు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిదానిలో రెండూ రద్దై పాత్ర నిలబడిపోతుంది. రెండోదానిలో చివర నొక్కినదే చెల్లుతుంది. స్ట్రీట్ ఫైటర్‌లో గైల్ సోనిక్ బూమ్ విసరాలంటే వెనక్కి కాసేపు పట్టి, ముందుకు నొక్కుతూ గుద్దు బటన్ కొట్టాలి. రెండో పద్ధతిలో వెనక వేలు తీయనక్కర్లేదు. ముందు బటన్ వదలగానే వెనక్కి మళ్లీ అమలై, తర్వాతి బూమ్‌కు పట్టు వెంటనే మొదలవుతుంది. మొదటి పద్ధతిలో వెనక వేలు లేపితేనే ముందు దిశ నమోదవుతుంది. కర్రతో ఆడేవారికి రెండో పద్ధతిలోని వెసులుబాటు లేదు. అందుకే 2023లో క్యాప్‌కామ్ తన పోటీల్లో రద్దు పద్ధతిని తప్పనిసరి చేయడం న్యాయమే.

కౌంటర్ స్ట్రైక్‌లో `A`, `D` కలిస్తే కదలిక రద్దవుతుంది. ఆగి గురిగా కాల్చాలంటే ఒకటి వదిలి రెండోది నొక్కే సమయం కుదరాలి. ఆ పనిని కీబోర్డే చేసిపెట్టే సదుపాయాన్ని వాల్వ్ 2024 ఆగస్టులో తన సర్వర్లలో నిషేధించింది.

మీ పరికరం తీరు తెలియాలంటే శిక్షణ విభాగంలో నొక్కుళ్ల ప్రదర్శన పెట్టి, ఎడమ పట్టుకునే కుడి నొక్కండి. బాణం మాయమైతే రద్దు, తిరగబడితే చివరిదానికే ప్రాధాన్యం.