తేరా, తేరా

మంట కొంచెం ఎగదోయి బిడ్డా, పొగంత కండ్లల్లకే వస్తుంది. మక్కకంకులు ఇంకా కాలలే. ఇందాక నా పెదవులు కదులుతుంటె నవ్వినవు గదా, తాత తనల తనే మాట్లాడుకుంటుండని. అది నేను పంజాబుల నేర్చుకున్న.

అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. కపుర్తలా కాడ ఒక చిన్న వర్క్‌షాపుల లేతు మిషను మీద పనికి కుదిరిన. పని నేర్పింది ఒక ముసలి సర్దార్జీ, అందరు బాబాజీ అనేటోళ్ళు. తెల్లారకముందె లేచి తానం చేసి జప్‌జీ చదువుకునేటోడు. ఆ యాళను వాళ్ళు అమృత్‌వేళ అంటరు. పొద్దుమూకినంక రహరాస్, పండుకునే ముందల సోహిలా. అవి పాఠాలు. ఆ నడుమ పొద్దంత మిషను కాడ ఆయనకు తోడున్నది నామమే. ఊపిరి తీస్తె 'వాహే', ఇడిస్తె 'గురు'. పక్కన నిలవడితెనే ఇనవడేది.

"దండ లేదు, పీట లేదు, ఇదేం జపం బాబాజీ?" అని అడిగిన. ఆయన నవ్వలే, కోపం చెయ్యలే. ఆదివారం నన్ను బస్సుల సుల్తాన్‌పూర్ లోధీకి తీస్కపోయిండు. కాలీ బేయీ అని చిన్న ఏరు, దాని ఒడ్డున గురుద్వారాలు. అందుల ఒకటి హట్ సాహిబ్. అక్కడ పాత తూకపు రాళ్ళు దాచిపెట్టిండ్రు. వాటి ముందల కూసోవెట్టి చెప్పిండు.

గురునానక్ వయసులున్నప్పుడు బావ జైరాం ఆయనను ఈ ఊరి నవాబు దౌలత్‌ఖాన్ ధాన్యపు కొట్టుల పనికి పెట్టించిండు. పొద్దుగాల నుంచి జనం, బస్తాలు, తూకాలు. ఒకటి, రెండు అని లెక్కవెట్టుకుంట పోయి పదమూడు కాడికి వస్తె పంజాబీల 'తేరాఁ' అనాలె. 'తేరా' అంటె నీది అని గూడ. ఆ మాట నోట్లకు రాంగనె ఆయనకు దేవుడు యాదికొచ్చెటోడట. తేరా, తేరా అనుకుంటనే తూచి పోసెటోడట. కొట్టు దివాలా తీస్తుందని ఎవరో నవాబు చెవిన ఏసిండ్రు. లెక్కలు చూపియ్యమన్నరు. చూస్తె ఒక్క గింజ తక్కువ లేదు, ఎదురు నానక్‌కే బాకీ తేలింది.

నేను ఆ కథల మహిమనే చూసిన. బాబాజీ మాత్రం లెక్క సరిపోయిన కాడ ఆగిండు. "తక్కెడ ఇడిచిపెట్టి కండ్లు మూసుకున్నడని ఏ సాఖీ కథల లేదు బేటా. తూకం చేసుకుంటనే ఉన్నడు" అన్నడు.

ఆ దినం నుంచి నేను గూడ పని చేసుకుంట నామం అనుడు మొదలువెట్టిన. నెల తిరగంగనె పెద్ద తప్పు జరిగింది. ఒక షాఫ్టుకు బేరింగు కూసునే కాడ 35 మిల్లీమీటర్లు రావాలె. ముప్పైఐదున్నర దాక దింపిన, ఇగ ఆఖరు కోత. మా మిషను మీద చక్రం పావు మిల్లీ తిప్పితె మందంల అర మిల్లీ పోతది, రెండు దిక్కుల నుంచి కోస్తది గాబట్టి. అది నాకు తెల్వక కాదు. నోరు వాహేగురు అంటనే ఉంది, చెయ్యి అర మిల్లీ తిప్పింది. 34.5 అయ్యింది. బేరింగు అందుల వదులుగ ఆడుతుంది. తక్కువైన ఇనుము మళ్ళ రాదు గద.

బాబాజీ మైక్రోమీటరు పెట్టి చూసి, "అప్పుడు నీ మనసు యాడుంది?" అని అడిగిండు. నిజం చెప్పిన. ఇంటికాడి నుంచి చిట్టి వచ్చింది, అన్నదమ్ముల కొట్లాట, దానెమ్మటే తిరుగుతుంది. "అయితె నువ్వు షాఫ్టు కాడ లేవు, నామం కాడ లేవు" అన్నడు. అప్పుడు నామదేవ్ పోలిక ఒకటి చెప్పిండు. ఈ నామదేవ్ మన దిక్కు మరాఠా దేశపోడే, బట్టల మీద అద్దకం ఏసి బతికిండు. ఆయన పాటలు గురుగ్రంథ్ సాహిబ్‌ల ఉన్నయి. ఆవు దూరం పోయి మేస్తది, ఒక్క పరక ఇడువది, పాణం మాత్రం ఇంటికాడి దూడ మీదనె. "నీ నోరు మేసింది, దూడ మాత్రం యాదికి లేదు" అన్నడు.

పాడైన షాఫ్టు పక్కన పెట్టి, కొత్త కడ్డీ చక్‌ల బిగించమన్నడు. "ఆఖరు కోత కాడ పెదవి ఆపు. ఊపిరి ఎట్లనో పోతనే ఉంటది, దానికి వదిలెయ్యి. కన్ను డయలు మీద ఉండాలె."

రాత్రి దాక కూసున్న. ఆయన ఇంటికి పోలే. పక్కన స్టూలు మీద కూసోని టూలు నూరుకుంట ఉన్నడు, నాకు మాత్రం ఏం చెప్పలే. ఆఖరుకు మైక్రోమీటరు ఆయన చేతికే ఇచ్చిన. ముప్పైఐదు. గుడ్డతోని షాఫ్టు తుడిచి, దాన్ని రెండు చేతులల్ల పట్టుకోని 'తేరా' అన్నడు. నాతో అన్నడో ఇంకెవరితో అన్నడో.

ఇగో, ఆ కంకి తిప్పు, ఒక దిక్కు మాడుతుంది.